తేడాయే చెబుతుంది: పోస్టింగ్‌కు ముందు బిల్లులో డబ్బు గళ్లు ఎలా సరిచూడాలి

(ద్వారకానగర్‌లోని మా అకౌంట్స్ ఆఫీసులో డేటా ఎంట్రీకి కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు నేను చెప్పే మాటలు ఇవి. ప్రతిసారీ నోటితో చెప్పి గొంతు పోతోందని ఈసారి రాసి పెట్టాను.)

పొద్దున్న మీరు సీట్లో కూర్చునేసరికి బిల్లులు స్కాన్ అయిపోయి ఉంటాయి. స్క్రీన్‌లో ఎడమవైపు బిల్లు బొమ్మ, కుడివైపు సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి నింపిన గళ్లు కనిపిస్తాయి. బిల్లు నంబరు, తేదీ, జీఎస్టీ నంబరు, పన్నుకు ముందు విలువ, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ, రౌండాఫ్, మొత్తం. కింద ఒక ఆకుపచ్చ బటన్ ఉంటుంది. అది నొక్కితే ఎంట్రీ ట్యాలీలోకి వెళ్లిపోతుంది.

ఈరోజు డబ్బు గళ్ల గురించి మాత్రమే మాట్లాడతాను. పార్టీ పేరులో ఒక అక్షరం తప్పుపడితే చూసినవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. 13,770 బదులు 18,770 పడితే, బిల్లు పక్కన లేనివాళ్లకు అందులో వింతేమీ కనపడదు. అది కూడా చూడచక్కని అంకే కదా.

ముందు ఒక చిన్న అలవాటు. కుడివైపు గళ్లను చూడకుండా బిల్లును చదవండి. చాలామంది తిరగేసి చేస్తారు. గడిలో ఉన్న అంకె చూస్తారు, అది బిల్లులో ఉందా అని వెతుకుతారు. అప్పటికే 18,770 అని మనసులో పడిపోయింది కాబట్టి, కార్బన్ కాపీలో అలుక్కుపోయిన 3 కూడా 8 లాగే కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు ఎందుకలా కనపడిందో మీ కంటికీ అందుకే అలా కనపడుతుంది. నేను పాత శుభలేఖ ఒకటి సగానికి మడిచి మానిటర్ కుడి భాగానికి అడ్డం పెట్టుకునేదాన్ని. బిల్లు మొత్తం, పన్ను చిత్తుకాగితం మీద రాసుకున్నాకే శుభలేఖ తీసేదాన్ని. మొదటి వారం కొంచెం నెమ్మదిగా సాగుతుంది. సాగనివ్వండి.

అంకెల కంటే ముందు, ఇది ఏ రకం బిల్లు?

అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూడండి. 37 అయితే ఆంధ్రప్రదేశ్. మనం కూడా 37 కాబట్టి మామూలుగా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రెండూ ఉండాలి, ఐజీఎస్టీ గడి ఖాళీగా ఉండాలి. 36 తెలంగాణ, 21 ఒడిశా. అక్కడి నుంచి వచ్చిన సరుకు బిల్లులో ఐజీఎస్టీ ఒక్కటే ఉంటుంది. మూడు గళ్లలోనూ అంకెలు నిండి ఉంటే సాఫ్ట్‌వేర్ ఏదో గీతను అంకె అనుకుందని అర్థం.

మన ఊళ్లో దీనికి ఒక మినహాయింపు తరచుగా ఎదురవుతుంది. దువ్వాడ దగ్గరి ప్రత్యేక ఆర్థిక మండలిలో ఉన్న కంపెనీలకు సరుకు అమ్మినా, వాళ్ల దగ్గర కొన్నా, ఇద్దరూ 37 అయినా సరే అది వేరే రాష్ట్రంతో వ్యాపారం కిందే లెక్క. 37కి 37 ఉండి ఐజీఎస్టీ కనిపించగానే తప్పనుకొని కొట్టేయకండి, అడ్రసు చూడండి.

ఇక ఏది "మొత్తం" అన్నది తేల్చుకోవాలి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ అంకెను తప్పుగా చదవదు, సరిగ్గానే చదివి వేరే గడిలో పెడుతుంది. లారీ కిరాయి బిల్లు చూడండి. విశాఖ నుంచి రాయ్‌పూర్‌కు కిరాయి 38,000. అడ్వాన్సు 25,000. బ్యాలెన్సు 13,000. ఈ 13,000 కింద, పెద్ద అక్షరాల్లో, గీతల మధ్య ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్నే మొత్తం అనుకుంటుంది. అలాగే పోస్ట్ చేస్తే కిరాయి ఖర్చు 13,000 అని పడుతుంది. లారీవాళ్లకిచ్చిన అడ్వాన్సు 25,000 ఎవరి ఖాతాకూ చెందక మార్చి నెలాఖరు దాకా వేలాడుతుంది. కరెంటు బిల్లులో దీనికి తిరగబడి జరుగుతుంది. పోయిన నెల బకాయి కూడా కలిపిన మొత్తాన్ని ఎత్తుకుంటే, పోయిన నెల ఖర్చు రెండోసారి పడుతుంది. కాబట్టి ఈ బిల్లు వల్ల కొత్తగా పుట్టిన ఖర్చు ఎంత అన్నదే మొత్తం గడిలో ఉండాలి. ఇంకా కట్టాల్సింది ఎంత అన్నది వేరే లెక్క.

పోర్టు వైపు నుంచి వచ్చే బిల్లుల్లో మరో మెలిక ఉంది. ఓడ కిరాయి 1,450 డాలర్లు అని ఒక గడి, పక్కన మారకం రేటు 86.00, ఆ పక్కన రూపాయల్లో 124,700.00 అని ఉంటుంది. కామా మనలాగా 1,24,700 అని కాకుండా ఉన్నందుకు కంగారు పడొద్దు, వాళ్ల ప్రింటింగ్ అంతే. కానీ గడిలో 1,450 ఒక్కటే పడిందేమో చూడండి. రేటు కూడా బిల్లులో అచ్చయినదే తీసుకోవాలి. మీ ఫోన్లో ఆరోజు చూపించిన రేటుతో గుణించి "మేడమ్, కలవట్లేదు" అని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు.

కూడిక, ఆ తర్వాత శాతం

ఇప్పుడు అసలు పని. గాజువాక ఆటోనగర్ నుంచి వచ్చిన లారీ స్పేర్ల బిల్లు ఒకటి ముందేసుకుందాం. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటు, రెండో కాపీ. అందులో ఉన్నది ఇది:

బ్రేక్ లైనింగ్ సెట్లు 4, ఒక్కోటి 1,850.00 చొప్పున 7,400.00
వీల్ బేరింగులు 2, ఒక్కోటి 2,385.00 చొప్పున 4,770.00
గ్రీజు 5 కిలోలు, కిలో 320.00 చొప్పున 1,600.00
పన్నుకు ముందు విలువ 13,770.00
సీజీఎస్టీ 9 శాతం 1,239.30
ఎస్‌జీఎస్టీ 9 శాతం 1,239.30
రౌండాఫ్ 0.40
మొత్తం 16,249.00

సాఫ్ట్‌వేర్ అన్నిటినీ సరిగ్గా చదివింది. ఒక్క విలువ గడిలో మాత్రం 18,770.00 అని పెట్టింది. పైగా ఆ గడికి ఆకుపచ్చ రంగు వేసింది. "నాకు బాగా కనపడింది" అని సాఫ్ట్‌వేర్ చెప్పుకోవడమే ఆ రంగు. 3 మధ్యలో సిరా అలుక్కుంటే దానికి 8 ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది, పసుపు రంగు వేయాల్సిన అనుమానమే రాదు. కాబట్టి పసుపు గళ్లు మాత్రమే చూసి ఆకుపచ్చవి వదిలేసే పని మన దగ్గర లేదు.

కూడండి. 18,770.00కు 2,478.60 పన్ను, 0.40 రౌండాఫ్ కలిపితే 21,249.00. మొత్తం గడిలో 16,249.00 ఉంది. తేడా సరిగ్గా 5,000.

చాలామంది ఇక్కడ ఆగిపోయి, మొత్తం గడిని 21,249 చేసేస్తారు. కలిసిపోయింది కదా అని బటన్ నొక్కేస్తారు. వద్దు. కూడిక ఎక్కడో తప్పుందని మాత్రమే చెబుతుంది, ఏ గడిలో ఉందో చెప్పదు. అది చెప్పేది శాతం. 18,770లో 9 శాతం 1,689.30 అవుతుంది, బిల్లులో పన్ను 1,239.30 ఉంది. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కవల పిల్లలు. రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి రెండూ ఒకేసారి ఒకే విధంగా తప్పయ్యే అవకాశం తక్కువ. అంటే విలువ గడి మీదే అనుమానం. తిరగేసి చూద్దాం: 1,239.30ని 0.09తో భాగిస్తే 13,770. ఇప్పుడు బిల్లు బొమ్మను పెద్దది చేసి, వరుసల మొత్తాలు కూడండి: 7,400, 4,770, 1,600 కలిపితే 13,770. మూడు దారులూ ఒకేచోటికి వచ్చాయి. అప్పుడు గడి దిద్దండి.

శాతం చూడకుండా కూడిక ఒక్కటే నమ్ముకుంటే ఇంకో ప్రమాదం ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఏదైనా గడి చదవలేకపోతే మిగతా గళ్ల నుంచి తీసివేసి తామే నింపేస్తాయి. ఇదే బిల్లులో విలువ దగ్గర మడత పడి అంకె కనపడలేదనుకోండి, మొత్తంలో 16,249ని 18,249గా చదివిందనుకోండి. అప్పుడు అది 18,249లోంచి పన్ను, రౌండాఫ్ తీసేసి విలువ గడిలో 15,770 పెడుతుంది. మీరు ఎన్నిసార్లు కూడినా కలుస్తుంది. కలవక ఏం చేస్తుంది, అది కలిపి పెట్టిందే కదా. శాతం మాత్రం పట్టిస్తుంది: 15,770లో 9 శాతం 1,419.30, బిల్లులో 1,239.30.

శాతం చూసేటప్పుడు బిల్లు తేదీ కూడా చూడాలి. జీఎస్టీ శ్లాబులు 2025 సెప్టెంబరు 22 నుంచి మారాయి. ఈ తేదీ తర్వాతి స్పేర్ల బిల్లులో 9, 9 ఉంటుంది. అంతకు ముందుదైతే 14, 14 ఉండొచ్చు. పాత బిల్లులు ఆలస్యంగా పంపే క్లయింట్లు మనకు తక్కువేం లేరు. ఒకే బిల్లులో 5 శాతం సరుకూ 18 శాతం సరుకూ కలిసి ఉంటే మొత్తం మీద శాతం మధ్యలో ఎక్కడో, 11.4 లాంటి చోట వస్తుంది. అది తప్పు కాదు, వరుసవారీగా చూడమని మీకు సూచన.

తేడాను చదవడం

తేడా వచ్చిందంటే చికాకు పడతారు. నాకైతే తేడా వచ్చిన బిల్లే సులువు, ఎందుకంటే ఎక్కడ వెతకాలో అదే చెబుతుంది. వరుసగా నాలుగు ప్రశ్నలు వేయండి.

మొదటిది, తేడా ఎంత వచ్చిందో ఆ అంకె బిల్లులోనే ఎక్కడైనా ఉందా? తేడా 1,239.30 అయితే కవలల్లో ఒకరు గడిలోకి రాలేదు. తేడా 350 అయి, బిల్లులో ప్యాకింగ్ చార్జీ 350 ఉంటే అది తప్పిపోయింది. మనకొచ్చే తేడాల్లో ఎక్కువ ఈ జాతివే.

రెండోది, తేడాలో సగం బిల్లులో ఉందా? తేడా 1,200 వచ్చింది, బిల్లులో డిస్కౌంటు (600.00) అని బ్రాకెట్లలో ఉంది. బ్రాకెట్ అంటే తీసివేత. కొందరు 600.00- అని మైనస్ వెనక పెడతారు. సాఫ్ట్‌వేర్ ఆ గుర్తు వదిలేసి 600 కలిపేసింది. తీసేయాల్సింది కలిపితే తేడా రెట్టింపవుతుంది, అందుకే సగం చూడమంటున్నాను. క్రెడిట్ నోటు మొత్తంగా ఇలాగే మామూలు బిల్లు అయిపోవడం కూడా చూశాను.

మూడోది, తేడా ఒక అంకె, దాని వెనక సున్నాలుగా ఉందా? అంటే 5,000, 60, 200 లాంటివి. అప్పుడు ఒకే ఒక్క అంకెను తప్పుగా చదివింది. ఎన్ని సున్నాలున్నాయో చూస్తే ఏ స్థానమో తెలుస్తుంది. ముందున్న అంకె ఏ జతో చెబుతుంది. 5 వస్తే 3కూ 8కీ మధ్య, లేదంటే 4కూ 9కీ మధ్య గందరగోళం. 6 వస్తే 1కీ 7కూ, లేదంటే 0కూ 6కూ మధ్య. 2 వస్తే 6కూ 8కీ మధ్య. 1 వస్తే 5కూ 6కూ మధ్య. మన స్పేర్ల బిల్లులో తేడా 5,000. అంటే వేల స్థానంలో 3, 8. బిల్లులో వేల స్థానంలో 3 ఉన్నది ఒక్క 13,770లోనే. శాతం లెక్క కట్టకముందే అక్కడికి చేరిపోవచ్చు.

నాలుగోది, తేడా 9తో నిశ్శేషంగా పోతుందా? అంకెలన్నీ కూడి చూడండి, 9 గానీ 9 గుణిజం గానీ వస్తే పోతుంది. అప్పుడు చుక్క జరిగిందో, రెండు పక్కపక్క అంకెలు తారుమారయ్యాయో చూడాలి. 450.00లో చుక్క కనపడక 45,000 అయితే తేడా 44,550. అంకెలు కూడితే 18. రిబ్బను అరిగిన ప్రింటర్ల బిల్లుల్లో చుక్కలు ఇలాగే ఎగిరిపోతాయి. అంకెలు తారుమారు చేయడం మాత్రం సాఫ్ట్‌వేర్‌కు దాదాపు చేతకాదు. అది మన వేళ్ల పని. గడి దిద్దేటప్పుడు 14,630 కొట్టబోయి 14,360 కొడతాం. తేడా 270, దాన్ని 9తో భాగిస్తే 30. ఆ 3 పదుల స్థానంలో ఉంది కాబట్టి, పదులూ వందలూ తారుమారయ్యాయి, ఆ రెండు అంకెల మధ్య ఎడం 3. చూడండి, 6కూ 3కూ ఎడం మూడే. తేడా 9 వెనక సున్నాలుగా వస్తే మాత్రం మూడో ప్రశ్నా నాలుగో ప్రశ్నా రెండూ వేసి చూడాల్సిందే.

ఆ 270 ఊరికే చెప్పలేదు. నేను చేరిన మొదటి ఏడాది చేసిన తప్పది. అప్పుడు వేరే ఆఫీసు. సాయంత్రం ఏడవుతోంది, ఆఖరి బస్సు పోతుందన్న టెన్షన్. బిల్లు 270 తేడాతో కలవట్లేదు. రౌండాఫ్ గడిలో 270 వేసి పోస్ట్ చేసి వెళ్లిపోయాను. ఏప్రిల్లో ఆడిటర్ రౌండాఫ్ ఖాతా తెరిచారు. అన్నీ పది పైసలు, ముప్పై పైసలు, మధ్యలో తాటిచెట్టులా 270. "ఏమ్మా, రూపాయిని రౌండ్ చేయడానికి రెండొందల డెబ్బై పట్టిందా?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ, ఆ నవ్వు ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు.

దగ్గరి రూపాయికి సర్దడమే రౌండాఫ్. కాబట్టి అటైనా ఇటైనా 50 పైసలు దాటకూడదు. దాటితే అది రౌండాఫ్ కాదు, ఎవరో దాచిన తేడా. 0.40 అన్నది కలపడమా తీసేయడమా అన్నది కూడా చూసుకోండి. మన బిల్లులో 16,248.60ని 16,249 చేయడానికి కలిపారు. అదే -0.40గా పడితే తేడా 80 పైసలు వస్తుంది, ఎనభై పైసలే కదా అని వదిలేస్తారు. రెండో ప్రశ్న గుర్తు తెచ్చుకోండి, సగం 40.

కూడడానికి ఏమీ లేని బిల్లులు

ఒకే ఒక్క అంకె ఉన్న బిల్లులు అసలు కష్టం. చేత్తో రాసిన హమాలీ కూలి ఓచరు, టీ బిల్లు, చిన్న రిపేరు రసీదు. పన్ను లేదు, వరుసలు లేవు, సరిపోల్చడానికి రెండో అంకె లేదు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ చేసే తప్పులు రెండు బాగా గుర్తుపెట్టుకోండి. రూపాయి గుర్తును అది 2 అనో 7 అనో చదువుతుంది, ₹4,500 కాస్తా 24,500 అవుతుంది. చివర మనం గీసే గీతలను అంకె అనుకుంటుంది, 4,500/- కాస్తా 45,001 అవుతుంది. చివర్లో ఒంటరిగా 1 ఉన్న కూలి ఓచరు చూస్తే నాకు నవ్వొస్తుంది. హమాలీకి నలభై ఐదు వేల ఒక్క రూపాయి చదివింపులు ఇచ్చినట్టుంటుంది.

కామా చూస్తే ఇలాంటివి కొన్ని దొరుకుతాయి. బిల్లులో కామా 4 తర్వాత ఉంది, దాని వెనక మూడే అంకెలు ఉండాలి. కానీ సాఫ్ట్‌వేర్ గడిలో పెట్టేముందు కామాలన్నీ తీసేసి మళ్లీ తనకు తోచినట్టు పెడుతుంది. అందుకే కామాను గడిలో కాదు, బిల్లు బొమ్మలోనే చూడాలి. ఇంకా గట్టి సాక్షి ఉంది: అక్షరాల్లో రాసిన మొత్తం. "నాలుగు వేల ఐదు వందలు మాత్రమే" అని రాసిన చోట అంకె గందరగోళం ఉండదు. అంకెకూ అక్షరానికీ కలవకపోతే రెంటిలో ఏదీ ఎంచుకోకండి, పక్కన పెట్టండి.

పెద్ద కంపెనీల బిల్లుల మీద క్యూఆర్ కోడ్ ఉంటే అదీ సాక్షే. ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటినవాళ్లు 2023 ఆగస్టు 1 నుంచి మనలాంటి జీఎస్టీ నంబరున్నవాళ్లకు ఈ-ఇన్‌వాయిస్ ఇవ్వాలి. ఆ కోడ్‌లో బిల్లు నంబరు, తేదీ, మొత్తం విలువ ఉంటాయి, పన్ను విడివిడిగా ఉండదు. మామూలు స్కానర్ పెడితే అర్థం కాని అక్షరాల దండ వస్తుంది, ఈ-ఇన్‌వాయిస్ సరిచూసే యాప్ ఆఫీసు ఫోన్లో ఉంది, అది వాడండి.

పెట్రోలు బంకు స్లిప్పుల విషయంలో మాత్రం మనం చేయగలిగింది తక్కువ. థర్మల్ కాగితం లారీ క్యాబిన్ వేడికి నల్లబడిపోతుంది, లేదా రోజులు గడిచి వెలిసిపోతుంది. లీటర్లూ రేటూ కనపడితే గుణించి చూడండి. ఏదీ కనపడకపోతే ఊహించి వేయకండి.

ఎక్సెల్లో ఒకేసారి చూడాలంటే

రోజుకు రెండొందల బిల్లులు దాటినప్పుడు సాఫ్ట్‌వేర్ నుంచి షీట్ దించుకుని ఒక్కసారే చూస్తాం. C గడిలో విలువ, D, E, F గళ్లలో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ, G రౌండాఫ్, H మొత్తం. పక్కన ఈ మూడు సూత్రాలు పెట్టి కిందిదాకా లాగండి:

```
=ROUND(C2+D2+E2+F2+G2-H2,2)
=ROUND(D2-E2,2)
=ROUND((D2+E2+F2)/C2*100,2)
```

మొదటిది తేడా, సున్నా రావాలి. రెండోది కవలల తేడా, అదీ సున్నా. మూడోది శాతం, 5 లేదా 18 దగ్గర రావాలి. చిన్న బిల్లుల్లో 18.01 లాంటివి వస్తే పైసల సర్దుబాటు, పట్టించుకోకండి.

`SUM` ఎందుకు వాడలేదని పోయిన బ్యాచ్‌లో అనకాపల్లి నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి సున్నా బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం పెడుతుంది: `1,24O.00`. కంటికి తేడా తెలియదు, ఎక్సెల్‌కు మాత్రం అది అంకె కాదు. `SUM` అలాంటి గడిని నోరు మెదపకుండా దాటేసి మిగతావి కూడుతుంది. ప్లస్ గుర్తుతో కూడితే `#VALUE!` అని కేక పెడుతుంది. మనకు కేక పెట్టేదే కావాలి. ఇంకో గుర్తు కూడా ఉంది: గడిని మీరెవరూ ఎడమకో కుడికో సర్దకపోతే, అంకెలు కుడివైపుకు ఆనుకుంటాయి, అక్షరాలు ఎడమవైపుకు. గడుల వరుసలో ఒకటి ఎడమకు జరిగి ఉంటే దాని మీద నొక్కి చూడండి.

పక్కన పెట్టడం

పైవన్నీ చేసినా తేలనివి రోజూ కొన్ని మిగులుతాయి. వాటిని హోల్డ్‌లో పెట్టి, కారణం గడిలో ఒక్క వాక్యం రాయండి. "కలవలేదు" అని రాస్తే నాకు పనికిరాదు. "విలువ 13,770 లేక 18,770, పన్ను ప్రకారం 13,770, వరుసలు మడతలో పడ్డాయి" అని రాస్తే అర నిమిషంలో క్లయింటుకు ఫోన్ చేసి తేల్చేస్తాను. బిల్లులోనే పార్టీవాళ్లు తప్పు కూడి ఉంటే దాన్ని మీరు సరిదిద్దకూడదు. కాగితం మీద ఉన్నట్టే రాసి హోల్డ్‌లో పెట్టండి, వాళ్లు బిల్లు మార్చి పంపాలి.

పోస్ట్ అయ్యాక చూసుకుందాంలే అనుకోవడం కుదరదు. కంపెనీల ఖాతాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పునూ నమోదు చేసే సాఫ్ట్‌వేరే వాడాలి. మీరు దిద్దిన అంకె పక్కన పాత అంకె, మీ పేరు, సమయం ఉండిపోతాయి. నెలలో 14వ తేదీకి జీఎస్టీ పోర్టల్లో మన కొనుగోళ్ల 2బీ పట్టిక వస్తుంది, దానితో సరిచూసినప్పుడు కొన్ని తప్పులు ఎలాగూ బయటపడతాయి. కానీ 20వ తేదీకి రిటర్ను వేయాలి, ఆ ఆరు రోజుల్లో ఆఫీసు ఎలా ఉంటుందో మీరే చూస్తారు. పైగా జీఎస్టీ నంబరు లేని హమాలీ ఓచర్లు, లారీ కిరాయిలు ఆ పట్టికలో కనపడవు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కొక్కరికి పాతిక బిల్లులు ఇస్తాను. అన్నీ నిజంగా వచ్చినవే, నాలుగింటిలో మాత్రం డబ్బు గళ్లు నేను మార్చాను. తెలిసిన వెంటనే దిద్దకండి, ముందు తేడా ఎంతో చిత్తుకాగితం మీద రాసి నాకు చూపించండి. ఆ నాలుగింటిలో ఒకదానికి కూడిక చక్కగా కలుస్తుంది.